కొన్న ఫాలోవర్లను వదిలించుకోవడం, ఉద్యోగమిచ్చేవారికి నిజం చెప్పడం

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. శ్రీకాళహస్తి కలంకారీ మీద ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేస్తాను. 1,400 మంది ఫాలోవర్లు ఉన్నప్పుడు డబ్బిచ్చి 8,000 మందిని కొన్నాను. ఒకరి పోస్టుకు ఒకరు లైకులు కొట్టుకునే గ్రూపులోనూ చేరాను. రెండు మూడు వేలు వచ్చే వ్యూస్ ఇప్పుడు నాలుగు వందలు దాటడం లేదు. ఒక చీరల దుకాణంలో సోషల్ మీడియా ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, ఖాతా వివరాలు పంపమన్నారు. ఏం చేయాలి?

జవాబు: మీరు చేసిన రెండు పనులలో ఫాలోవర్లను కొనడం కంటే గ్రూపులో చేరడమే ఎక్కువ నష్టం చేసిందని నా అభిప్రాయం.

కొన్నవారి సంగతి లెక్క వేస్తే తెలిసిపోతుంది. మీ రీల్‌ను మొదట 400 మంది ఫాలోవర్లకు చూపారనుకుందాం. మొత్తం 9,400 మందిలో అసలైనవారు 1,400 మందే కనుక, ఆ 400లో మీ పని నచ్చి చేరినవారు సుమారు 60 మంది ఉంటారు. వారిలో 12 మంది లైక్ చేస్తే అది 20 శాతం, అంటే చక్కని స్పందన. అదే 400కు లెక్కిస్తే 3 శాతం, అంటే రీల్ పెద్దగా నచ్చలేదన్నట్టు కనిపించి, మరింతమందికి చేరడం తగ్గుతుంది. ఇన్‌స్టాగ్రామ్ ఇలా గుడ్డిగా చీటీలు తీయదు, చురుకైన ఖాతాలవైపే మొగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంత సూటిగా ఉండదు, కానీ దెబ్బ పడే తీరు ఇదే.

గ్రూపు చేసే హాని లోతైనది. అందులో ఒకరు జిమ్ ఖాతా, ఒకరు మేకప్ ఖాతా, మరొకరు షేర్ మార్కెట్ ఖాతా నడుపుతుంటారు. మీ రీల్ తెరిచి, రెండు సెకన్లలో లైక్ కొట్టి, ‘సూపర్ సిస్టర్’ అని రాసి వెళ్ళిపోతారు. ఎంతసేపు చూశారు, ఎవరికైనా పంపారా అన్నవి రీల్ ఎంతమందికి చేరాలో నిర్ణయించే ముఖ్యమైన అంశాలు. ఆ రెండూ ఇక్కడ ఉండవు. అంతేకాక, మీ రీల్ ఇటువంటివారికి నచ్చుతుందని ఇన్‌స్టాగ్రామ్ పొరబడి, వారి అభిరుచులే ఉన్న మరికొందరికి చూపుతుంది. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను నానబెట్టే దృశ్యం షేర్ల ధరలు చూసుకునే వ్యక్తి ముందు పడితే అతడు దాటేస్తాడు. చెల్లెలికి పంపి ‘ఇది చూడవే’ అనే తిరుపతి గృహిణిదాకా అది రానే రాదు.

ఇక దిద్దుబాటు. ముందు గ్రూపు నుంచి బయటికి రండి. లైకుల కోసం ఏ యాప్‌కైనా పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే దాన్ని మార్చి, `Apps and websites`లో ఆ యాప్ అనుమతిని తీసేయండి. ఇటువంటి యాప్‌ల ద్వారా వచ్చిన దొంగ లైకులను, ఫాలోలను తొలగిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2018 నవంబరులోనే ప్రకటించింది. తర్వాత `Account Status` తెరిచి, మీ పోస్టులను కొత్తవారికి సిఫారసు చేయడానికి అడ్డేమైనా ఉందేమో చూడండి.

నకిలీ ఖాతాలను ఫాలోవర్ల జాబితా నుంచి `Remove` నొక్కి మీరే తీసేయాలి. ఫోటో లేనివి, ఒక్క పోస్టూ లేకుండా వేలమందిని అనుసరించేవి ముందు తీయండి. రోజుకు వంద చొప్పున 8,000కు ఎనభై రోజులు పడుతుంది. ఒకేరోజు వేలకొద్దీ తీస్తే ఖాతాపై తాత్కాలిక నిషేధం పడవచ్చు. తీసిపెడతామనే యాప్‌లకు మళ్ళీ పాస్‌వర్డ్ ఇస్తే మొదటికే వస్తారు. అసలైనవారు పదిమందిలో ఒకరి కంటే తక్కువుంటే కొత్త ఖాతా తెరవమనేదాన్ని. మీకు ఏడుగురిలో ఒకరున్నారు, కాబట్టి ఈ ఖాతానే నిలుపుకోండి.

ఫలితం చూడవలసింది లైకులలో కాదు. `Insights`లో ఫాలోవర్లు ఏ ఊళ్ళవారో చూపే భాగం ఉంటుంది. ఇప్పుడు అక్కడ మీకు సంబంధంలేని విదేశీ నగరాలు కనిపిస్తుండవచ్చు. వాటి స్థానంలో తిరుపతి, చిత్తూరు, చెన్నై వంటివి పైకి వస్తుంటే శుద్ధి సాగుతున్నట్టు. ఫాలోవర్లు కానివారు చూసిన వ్యూస్ వాటా కూడా వారంవారం రాసిపెట్టుకోండి. ఇది ఒకటి రెండు రీల్స్‌తో తేలేది కాదు.

దుకాణంవారికి 9,400 అనే అంకెను గొప్పగా చూపవద్దు. అంతమంది ఉన్న ఖాతాకు నాలుగు వందల వ్యూస్, ఒకే మూసలో కామెంట్లు కనిపిస్తే ఈ రంగంలో కొంచెం అనుభవమున్నవారికి విషయం తెలిసిపోతుంది. పైగా వారు స్క్రీన్‌షాట్ కాక, ఫోన్ తెరిచి `Insights` చూపమని అడగవచ్చు. వివరాలతోపాటు ఇలా రాయండి: “ఈ ఖాతాలో సుమారు 8,000 మంది నేను కొన్న ఫాలోవర్లు. అది పొరపాటని తెలుసుకుని వారిని తొలగిస్తున్నాను. కొనకముందు నా రీల్స్‌కు రెండు మూడు వేల వ్యూస్ వచ్చేవి. ఆ నెలల వివరాలు, ఇప్పటి వివరాలు రెండూ జతచేస్తున్నాను.” పాత రీల్స్ వ్యూస్ ఖాతాలోనే ఉంటాయి కాబట్టి, వాటిలో బాగా నడిచిన మూడింటి లింకులు కూడా పంపండి.