టెక్ సందేహాలు: 3:00 బదులు 3:10కి పెట్టి చూడండి

ప్రశ్న: మా సీనియర్ ఆర్కిటెక్ట్‌తో వారానికోసారి అరగంట మాట్లాడాలి. ఆవిడ క్యాలెండర్‌లో ఖాళీ చూసుకునే స్లాట్ పంపుతాను. ఒప్పుకుంటారు, కానీ ప్రతిసారీ ఏడెనిమిది నిమిషాలు ఆలస్యంగా వస్తారు. గూగుల్ క్యాలెండర్‌లో స్పీడీ మీటింగ్స్ ఆన్ చేసినా తేడా రాలేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ సెట్టింగ్ మీరు కొత్తగా పెట్టే మీటింగుల చివర మాత్రమే కోస్తుంది. అరగంట మీటింగ్ 25 నిమిషాలవుతుంది, గంట మీటింగ్ 50 నిమిషాలవుతుంది. ఆవిడకు ఆలస్యమయ్యేది మీ మీటింగ్ చివర కాదు, దానికి ముందు. అంతకుముందు మీటింగ్ ఇంకెవరో పెట్టినది. అది సరిగ్గా 3 గంటలకు ముగిసినా, ఆ కాల్ కట్ చేసి, ఒప్పుకున్న పని ఒక ముక్క రాసుకుని, మంచినీళ్లు తాగి మీ లింక్ నొక్కేసరికి అయిదు నిమిషాలు దాటుతాయి. అదే కాస్త సాగిందా, ఇక అంతే.

కాబట్టి ఖాళీ ముందువైపు వదలండి. గూగుల్ క్యాలెండర్‌లో మొదలయ్యే సమయాన్ని కిందికి జారే జాబితాలో వెతక్కండి, అందులో పావుగంట లెక్కనే కనిపిస్తాయి. ఆ పెట్టెలో 3:10 అని చేత్తో టైప్ చేస్తే తీసుకుంటుంది. డెస్క్‌టాప్‌లో క్లాసిక్ అవుట్‌లుక్ వాడేవాళ్లకు ఇంకా సులువు. File, Options, Calendar లోకి వెళ్లి Shorten appointments and meetings టిక్ చేసి, పక్కన Start late ఎంచుకుంటే చాలు. మీరు పెట్టే మీటింగులన్నీ కాస్త ఆలస్యంగా మొదలవుతాయి. నాకు End early కంటే ఇదే నచ్చుతుంది. ముందుగా ముగించాల్సిన మీటింగ్‌ను జనం మాటల్లో పడి గంట దాకా లాగేస్తారు. 3:10కని పిలిచిన మీటింగ్‌ను 3 గంటలకే మొదలుపెట్టేవాళ్లు మాత్రం ఉండరు.

ఇక ఆవిడ మంగళవారం ఇలా ఉందనుకోండి: 10 నుంచి 11 మీటింగ్, 11:30కి ఇంకొకటి. మధ్యాహ్నం 2:30 నుంచి 3 ఒకటి, 4కి మరొకటి. క్యాలెండర్ మీకు 11 గంటల అరగంటనూ, 3 గంటల గంటనూ ఒకేలా ఖాళీగా చూపిస్తుంది. ఖాళీయా కాదా అన్నదే దానికి తెలుసు, ఊపిరి పీల్చుకునే వ్యవధి దాని లెక్కలో ఉండదు. మొదటిది తీసుకుంటే మూడు మీటింగులు అతుక్కుపోతాయి, దాన్ని వదిలేయండి. రెండో దాంట్లో 3:10 నుంచి 3:40 అడగండి. ముందు 10 నిమిషాలు, వెనక 20 నిమిషాలు ఆవిడకు మిగులుతాయి.

కారణం చెప్పడం మాత్రం మరచిపోవద్దు. చెప్పకపోతే 3:10 చూసి పొరపాటున పడిందనుకుని 3 గంటలకు జరిపేస్తారు. నేనైతే ఇలా రాస్తాను:

"మేడమ్, మంగళవారం 3:10 నుంచి 3:40 కుదురుతుందా? 3 దాకా మీరు బిజీగా ఉన్నట్టు కనిపించింది, అందుకే మధ్యలో పది నిమిషాలు వదిలాను. 3:40కి తప్పకుండా ముగిస్తాను, 4 గంటల దానికి ముందు మీకు వ్యవధి ఉంటుంది. అది కుదరకపోతే గురువారం 11:40 నుంచి 12:10 చూడగలరా? దానికి ముందూ ఇలాగే పది నిమిషాలు ఉంచాను."

అంతకుముందు మీటింగ్ పేరు మీకు కనిపించినా ఉత్తరంలో రాయొద్దు, బిజీ అంటే చాలు. అలాగే ఆ పది నిమిషాలకు "బఫర్" అని విడిగా ఈవెంట్ చేసి ఆవిడను ఆహ్వానించకండి. ఆవిడ సమయం ఆవిడ అడక్కుండా మనం అడ్డుకోవడం బాగుండదు. మీ క్యాలెండర్‌లో మీకోసం పెట్టుకోవచ్చు, అయితే దాన్ని Busy గానే ఉంచండి. Free అని ఉంటే వేరేవాళ్లు అందులోనే మీటింగ్ పెట్టేస్తారు.

రెండువైపులా మీటింగులున్న అరగంట తప్ప ఇంకేమీ దొరకని వారం వస్తే, అరగంట అడగొద్దు. 11:10 నుంచి 11:25 దాకా పావుగంట అడిగి, తేల్చాల్సిన ఒకే ఒక్క ప్రశ్నను ఆహ్వానంలోనే రాయండి.

ఇద్దరూ వేర్వేరు భవనాల్లో ఉండి ముఖాముఖి కలిసేటట్టయితే పది చాలదు, నడక కలుపుకోండి.

మూడు వారాలు ఆవిడ చేరిన సమయం రాసుకోండి. 3:10కి చేరుతున్నారంటే ఇదే కొనసాగించండి. అప్పటికీ 3:17 అవుతోందంటే 2:30 మీటింగే ప్రతివారం సాగుతోందని అర్థం. దాన్ని మీరు ఆపలేరు కాబట్టి, ముందు ఏ మీటింగూ లేని సమయం, వీలైతే ఆవిడ రోజులో మొదటి స్లాట్, అడగండి.