ఫొటో చూసి అది ఏ మైకో చెప్పడమెలా?

"సెకండ్‌హ్యాండ్ మైక్ కొందామనుకుంటున్నా. ఫొటో మాత్రమే ఉంది. అది డైనమిక్కా, కండెన్సరా, కాలర్ మైకా ఎలా తెలుస్తుంది?"

కాలర్ మైక్‌తో ఇబ్బంది లేదు. చొక్కాకి పెట్టే క్లిప్, వేలి కొనంత తల, సన్నటి వైరు కనిపిస్తాయి. దాని పిన్ను మాత్రం జూమ్ చేసి చూడండి. నల్ల గీతలు మూడుంటే ఫోన్‌కి, రెండుంటే ఎక్కువగా కెమెరాకి.

తికమకంతా మిగతా రెండింటితోనే. రెండిటికీ అడుగున మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్టే ఉండొచ్చు కాబట్టి దాన్ని బట్టి తేల్చకండి. ముందు ఏ వైపు నుంచి మాట్లాడాలో చూడండి. గుండ్రటి జాలీ, కిందికి సన్నబడే పిడి, పిడి మీద ఆన్-ఆఫ్ స్విచ్ ఉంటే దాదాపుగా డైనమిక్. ష్యూర్ ఎస్‌ఎం58 ఇలాంటిదే, స్విచ్ లేకుండా కూడా వస్తుంది. లావుపాటి ఒళ్లు, పక్క నుంచి మాట్లాడేలా వెడల్పాటి జాలీ ఉంటే ఎక్కువగా కండెన్సర్. వెలుతురు పడిన ఫొటోలో జాలీ వెనక బంగారు రంగు గుండ్రటి బిళ్ల మెరుస్తుంది. ఒంటి మీద శబ్దం తీవ్రత తగ్గించే "-10dB" స్విచ్ కనిపిస్తే నమ్మకం ఇంకా పెరుగుతుంది.

మినహాయింపులు ఉన్నాయి. ష్యూర్ బీటా 87ఎ చేతి మైకులాగే ఉంటుంది, కానీ కండెన్సర్. స్టూడియోల్లో కనిపించే ఎస్‌ఎం7బి డైనమిక్. అందుకే అడుగున, ఒంటి మీద ఉన్న మోడల్ నంబరు ఫొటో అడగండి. కండెన్సర్ అయితే మీ మిక్సర్‌లో మైక్‌కి కేబుల్ ద్వారానే కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉందో లేదో కొనకముందే చూసుకోండి, లేకపోతే చాలా మోడళ్లు అసలు పలకవు.