ఇల్లు మారేముందు గంటలు లెక్క వెయ్యి

నాన్నా కిరణ్,

ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం ఆఫీసుకి "గంటే కదా పిన్నీ" అన్నావు. ఆ గంట రైల్లో ఉన్నంతసేపే. ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి సీట్లో కూర్చునేదాకా చూడాలి. స్టేషన్‌కి నడక, బ్యాగు చెకింగ్, అమీర్‌పేటలో లైన్ మారడం, దిగాక ఆటో, చివరికి ఆఫీసు లిఫ్టు దగ్గర నిలబడటం కూడా ప్రయాణమే. ఒక వారం బయల్దేరిన టైమూ చేరిన టైమూ ఫోన్లో రాసుకుని సగటు తియ్యి. వాన పడిన రోజుని వదిలెయ్యకు.

వెళ్ళడానికి 85 నిమిషాలు, రావడానికి 85 అనుకుందాం, రోజుకి 170. దాన్ని 365తో హెచ్చవేయకు. వారాంతాలు, పండగలు, నీ సెలవులు పోతే ఆఫీసు రోజులు 240కి మించవు. 240 పెట్టుకుంటే నోటిలెక్కకీ సులువు: రోజుకి ఒక నిమిషమంటే ఏడాదికి 4 గంటలు. అలా నీ ప్రయాణం 680 గంటలు. 8 గంటల పనిదినాల్లో చెప్పాలంటే 85 రోజులు.

ఆ అంకె చూసి కంగారుపడి అడ్వాన్స్ ఇచ్చెయ్యకు. ఆఫీసుకి దగ్గరని నువ్వు చూసిన కొండాపూర్ ఇంటికి మారినా ప్రయాణం సున్నా అవదు కదా. అక్కడ రానూపోనూ 50 నిమిషాలు పడితే నీకు మిగిలేది 120 నిమిషాలే, అంటే ఏడాదికి 480 గంటలు. అద్దె నెలకి 12,000 ఎక్కువన్నావు, ఏడాదికి 1,44,000. అంటే గంటని 300 రూపాయలకి కొంటున్నట్టు. మెట్రో, ఆటో ఖర్చు తగ్గేది ఉంటే అద్దె తేడాలోంచి తీసేసి మళ్ళీ భాగించు.

అసలు మెలిక ఇక్కడుంది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని అయితే ఆఫీసు రోజులు 144కి పడిపోతాయి. మిగిలేది 288 గంటలే, అద్దె మాత్రం అంతే. గంట 500 అవుతుంది. ఇల్లూ అదే, దారీ అదే, రోజుల సంఖ్య ఒక్కటే మారింది.

రైల్లో సీటు దొరికి నిజంగా చదువుకునే సమయాన్ని పోయినదాంట్లో కలపకు. నిలబడి ఫోన్ చూసే సమయాన్ని మాత్రం చదువు కింద రాసుకోకు.

ఇంట్లో రోజూ జరిగే వాటికి లెక్క వేరు, వాటికి సెలవుండదు. రోజుకి 10 నిమిషాలంటే ఏడాదికి సుమారు 61 గంటలు. బండి తాళాల కోసం 5 నిమిషాలు వెతికితే 30 గంటలు. తలుపు పక్కన ఒక మేకు కొడితే అది తీరిపోతుంది, ఇవాళే కొట్టెయ్యి.

ఆ ఇంటి ఓనర్‌తో మాట్లాడేముందు మీ మేనేజర్‌ని అడుగు, ఇంటి నుంచి పని చేసే ఆ రెండు రోజులు వచ్చే ఏడాది కూడా ఉంటాయా అని. అద్దె అగ్రిమెంటు 11 నెలలకి రాస్తారు, కాబట్టి ఆ 11 నెలలకి జవాబు కావాలి.

మీ పిన్ని