డాక్టర్ సలహా: షిఫ్ట్ ఎవరికైనా వాళ్ల వీక్లీ ఆఫ్ మర్నాడే మారాలి

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారు. నేను ఒక రెస్టారెంట్‌లో మేనేజర్‌ని. వచ్చే నెల నుంచి స్టాఫ్ అందరికీ వీక్లీ ఆఫ్ మారుతోంది, సోమవారం నుంచి గురువారం లోపు ఒక్కొక్కరికి ఒక్కో రోజు. షిఫ్టులు మాత్రం ప్రతి సోమవారం అందరికీ ఒకేసారి మారతాయి. ఓపెనింగ్ పొద్దున 7 నుంచి 4, తర్వాత వారం మిడ్ 11 నుంచి రాత్రి 8, ఆ తర్వాత క్లోజింగ్ 4 నుంచి రాత్రి 12:30, మళ్లీ ఓపెనింగ్. లెటర్ రాసి పెట్టుకున్నా, ఇంకా ఇవ్వలేదు. ఒకతను ఇన్సులిన్ తీసుకుంటాడు, ఇంకొకతనికి ఫిట్స్ ఉన్నాయి. మిగతావాళ్లు నిద్ర పాడవుతుందని గొడవ. ఓనర్ గారేమో వారంలో అలవాటైపోతుందిలే అంటున్నారు. ఆరోగ్యం పరంగా లెటర్‌లో ఏమైనా మార్చాలా?

జవాబు: లెటర్ ఇవ్వకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు, ఎందుకంటే మీ ప్లాన్‌లో ఒక్కచోటే పెద్ద తప్పుంది, అది ఇప్పుడైతే ఒక లైను మార్చి సరిచెయ్యొచ్చు.

ముందు బాగున్నది చెప్తా. ఓపెనింగ్ తర్వాత మిడ్, మిడ్ తర్వాత క్లోజింగ్ అనే వరస కరెక్ట్, దాన్ని ఎవరు చెప్పినా తిప్పకండి. మన ఒంట్లో గడియారం 24 గంటలకన్నా కాస్త ఎక్కువ లెక్కలో నడుస్తుంది, అందుకే లేటుగా పడుకోవడం మనకి తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. ఓపెనింగ్ 4కి అయిపోయినవాడు మర్నాడు 11కి వస్తే మధ్యలో 19 గంటలు, మిడ్ 8కి అయిపోయినవాడు మర్నాడు సాయంత్రం 4కి వస్తే 20 గంటలు, ఈ రెండూ ఒంటికి పెద్ద భారం కాదు.

ఇబ్బందంతా మూడో మార్పులో ఉంది. ఉదాహరణకి బుధవారం ఆఫ్ ఉన్న కుర్రాడిని తీసుకోండి. ఆదివారం రాత్రి క్లోజింగ్, సోమవారం నుంచి ఓపెనింగ్. కాగితం మీద 12:30కి డ్యూటీ అయిపోయింది, కానీ స్టవ్‌లు తుడిచి, ఫ్లోర్ కడిగి, లైట్లు ఆపి బయటపడేసరికి 1 అవుతుంది. ఇంటికెళ్లి స్నానం చేసి ఏదో తిని నిద్ర పట్టేసరికి రెండున్నర. 7కి కిచెన్‌లో ఉండాలంటే 5:45కి లేవాలి. అంటే మూడుంపావు గంటల నిద్ర, దాని మీద తొమ్మిది గంటల డ్యూటీ, చేతిలో కత్తి, పక్కన మరుగుతున్న నూనె. ఆ వారంలో అతని ఆఫ్ బుధవారం వస్తుంది కానీ అప్పటికే రెండు రోజులు అలా గడిచిపోయాయి. గురువారం ఆఫ్ ఉన్నవాళ్లకి మూడు రోజులు. ఒక్క సోమవారం ఆఫ్ ఉన్నవాళ్లే మీ ప్లాన్‌లో బతికిపోయారు, అది కూడా అనుకోకుండా.

కాబట్టి మార్చాల్సింది ఇది: షిఫ్ట్ అందరికీ సోమవారం మారకూడదు, ఎవరి ఆఫ్ రోజు అయిపోయిన మర్నాడు వాళ్లకి మారాలి. బుధవారం ఆఫ్ వాళ్లకి గురువారం నుంచి కొత్త షిఫ్ట్. అప్పుడు అదే కుర్రాడు మంగళవారం రాత్రి క్లోజింగ్ చేసి గురువారం పొద్దున 7కి వస్తాడు, మధ్యలో ముప్పై గంటలు దొరుకుతాయి. ప్రతి ఆఫ్ గ్రూపులోనూ మూడు షిఫ్టులవాళ్లూ కొందరు ఉండేలా కలిపితే, ఒకరు వదిలిన షిఫ్ట్‌లోకి ఇంకొకరు వస్తారు, మీకు మనుషుల లెక్క కూడా తప్పదు. పైగా అందరూ ఒకే రోజు మారరు కాబట్టి ప్రతి షిఫ్ట్‌లోనూ ఆ టైముకి ఒళ్లు అలవాటైనవాళ్లు కొందరు ఉంటారు, ఇది నాకైతే చాలా ముఖ్యం అనిపిస్తుంది.

ఆ ఆఫ్ రోజు ఎలా గడపాలో కూడా స్టాఫ్‌కి చెప్పండి. చాలామంది మధ్యాహ్నం దాకా పడుకుంటారు, తర్వాత రాత్రి 9కే మంచమెక్కి నిద్ర పట్టట్లేదని అవస్థ పడతారు. రోజూ నిద్రపోయే టైముకి ముందు రెండు మూడు గంటలు మెదడు అన్నిటికన్నా మెలకువగా ఉంటుంది, అప్పుడు ఎంత ప్రయత్నించినా నిద్ర రాదు, అది వాళ్ల తప్పు కాదు. దానికి బదులు ఆఫ్ రోజు 9 లోపే లేచి ఒక అరగంట ఎండ వెలుతురులో తిరగాలి, మధ్యాహ్నం తర్వాత కాఫీ టీ మానెయ్యాలి, ఎందుకంటే కెఫీన్ సగం దిగడానికే ఐదు గంటల దాకా పడుతుంది. రాత్రి 11కి నిద్రపోయినా 5:45కి ఆరున్నర గంటల పైనే పడుతుంది, మొదటి రోజుకి అది చాలు.

ఇక ఓనర్ గారు అన్న వారం సంగతి. ఒంట్లో గడియారం రోజుకి సుమారు ఒక గంట జరుగుతుంది, తొందరగా పడుకునే వైపు లాగాలంటే ఇంకా నెమ్మది. రాత్రి రెండున్నరకి పడుకునే మనిషి పదిన్నరకి పడుకునే మనిషిగా మారాలంటే నాలుగు గంటల తేడా, అంటే సర్దుకునేసరికే దాదాపు వారం అయిపోయి మళ్లీ షిఫ్ట్ మారుతుంది. అందుకే వారం వారం మార్చడం నాకు నచ్చదు, నన్నడిగితే ఒక్కో షిఫ్ట్ మూడు నాలుగు వారాలు ఉంచండి. అయితే నెలంతా క్లోజింగ్ అంటే పిల్లలున్నవాళ్లకి సాయంత్రాలు పోతాయి, కాబట్టి వాళ్లనీ అడిగి తేల్చండి, కొందరు మాకు క్లోజింగే ఇష్టం, అదే పర్మనెంట్‌గా ఇవ్వండి అంటారు, అలాంటివాళ్లని ఊరికే తిప్పక్కర్లేదు.

ఇంకొకటి, లెటర్ రాసేవాళ్లు దాదాపు ఎవరూ లెక్కపెట్టనిది. పాత ఆఫ్ సోమవారం, కొత్త ఆఫ్ గురువారం అనుకోండి. పాత పద్ధతిలో సోమవారం ఆఫ్ తీసుకున్నాడు, మంగళవారం నుంచి పని మొదలైతే తర్వాతి వారం బుధవారం దాకా, అంటే వరసగా 9 రోజులు. కొత్త టైములకి మారుతున్నప్పుడే ఒళ్లు ఎక్కువ అలిసిపోతుంది, అప్పుడే విశ్రాంతి తగ్గిపోతే జ్వరాలు, నడుం నొప్పులు, చేతులు కోసుకోవడాలు అన్నీ ఒకేసారి వస్తాయి. ఆ వారం మధ్యలో ఒక ఎక్స్‌ట్రా ఆఫ్ ఇచ్చెయ్యండి.

ఇన్సులిన్ వాడే అతని విషయం కాస్త వివరంగా చెప్తా. పొద్దున, రాత్రి తిండికి ముందు తీసుకునే మిక్స్ ఇన్సులిన్ అయితే, అది తిండితో ముడిపడి ఉంటుంది. క్లోజింగ్‌లో అలవాటుగా 8కి ఇంజెక్షన్ తీసుకున్నాడు, అప్పుడే ఆర్డర్లు మీద పడ్డాయి, తినేసరికి 11. ఆ మధ్యలో షుగర్ పడిపోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకీ ఇదే ప్రమాదం. కిచెన్‌లో దీన్ని గుర్తుపట్టడం కష్టం, ఎందుకంటే షుగర్ పడిపోతే మొదట పట్టేది చెమట, అక్కడ అందరికీ చెమటే కదా. బయట చల్లగా ఉన్నచోటికి తీసుకొచ్చినా చెమట ఆగకపోయినా, చేతులు వణుకుతున్నా, అడిగినదానికి సంబంధం లేకుండా జవాబిస్తున్నా, ఎప్పుడూ లేనిది ఆర్డర్లు తారుమారు చేస్తున్నా అనుమానించండి. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి, తేరుకున్నాక తిండి పెట్టండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. అందుకే భోజనం బ్రేక్ వీలైనప్పుడు అని కాకుండా టైము వేసి లెటర్‌లో రాయాలి.

ఫిట్స్ ఉన్నతనికి నిద్ర తగ్గడమే ఫిట్స్ రావడానికి పెద్ద కారణాల్లో ఒకటి, మాత్ర టైము తప్పడం ఇంకొకటి, రొటేషన్‌లో రెండూ జరుగుతాయి. అతన్ని రొటేషన్ నుంచే తీసేసి ఒకే పగటి షిఫ్ట్‌లో ఉంచమని నా గట్టి సలహా. వేడి నూనె దగ్గర, ఒక్కడే ఉండే పనుల్లో వెయ్యకండి, ఏది చెయ్యొచ్చో ఏది వద్దో వాళ్ల న్యూరాలజిస్ట్‌తో రాయించుకురమ్మనండి.

ఇవన్నీ పెట్టి లెటర్‌లో ఆ భాగం ఇలా రాయొచ్చు, ఇది బుధవారం ఆఫ్ వాళ్లకి:

"ఇకపై మీ వీక్లీ ఆఫ్ బుధవారం. మీ షిఫ్ట్ మారినప్పుడల్లా ఆఫ్ మర్నాడు, అంటే గురువారం నుంచే మారుతుంది. పాత ఆఫ్ నుంచి కొత్త ఆఫ్‌కి మారేటప్పుడు వరసగా ఆరు రోజులకన్నా ఎక్కువ పని పడితే మధ్యలో ఒక ఎక్స్‌ట్రా ఆఫ్ ఇస్తాం, జీతం కట్ అవ్వదు. రాత్రి క్లోజింగ్ చేసినవాళ్లకి మర్నాడు పొద్దున ఓపెనింగ్ వెయ్యం, మీలో మీరు మార్చుకున్నా ఒప్పుకోం. క్లోజింగ్‌లో భోజనం బ్రేక్ 7 నుంచి 8 లోపు ఒక్కొక్కరికి అరగంట, రష్ ఉన్నా ఉంటుంది. ఆరోగ్యం వల్ల ఏదైనా షిఫ్ట్ పడనివాళ్లు డాక్టర్ చేత ఆ టైమింగ్ వద్దని రాయించి నాకు విడిగా ఇవ్వండి, జబ్బు పేరు చెప్పక్కర్లేదు."

ఆ చివరి లైను తియ్యకండి, జబ్బు పేర్లు గ్రూప్‌లో అడిగితే ఎవరూ చెప్పరు, చెప్పకుండా క్లోజింగ్ చేస్తారు. లెటర్ కూడా కనీసం రెండు వారాల ముందు చేతికివ్వండి, మందుల టైములు మార్చుకోవడానికి వాళ్లకి ఆ వ్యవధి కావాలి.

తర్వాత మీరు చూసుకోవాల్సింది అటెండెన్స్ ఒక్కటే. వారానికోసారి ఒక మనిషి వెళ్లిన టైము, మర్నాడు వచ్చిన టైము పక్కపక్కన చూడండి. మధ్యలో 11 గంటలకన్నా తక్కువ ఉంటే ఎక్కడో రూల్ తప్పింది, యూరప్ దేశాల్లో చట్టం పెట్టిన కనీస విశ్రాంతి కూడా అంతే. ఎక్కువగా ఇది ఎవరో లీవ్ పెట్టినప్పుడు ఇంకొకరిని పిలవడం వల్ల జరుగుతుంది. ఇంత చేసినా ఎవరికైనా మూడు నెలలైనా నిద్ర కుదరకపోతే, డ్యూటీలో కళ్లు మూతపడుతుంటే, గట్టిగా గురక పెడతాడని ఇంట్లోవాళ్లు చెప్తుంటే డాక్టర్‌కి చూపించమనండి, షిఫ్ట్ మారిస్తే తగ్గేది కాకపోవచ్చు.

ఇన్సులిన్ అతన్ని మాత్రం లెటర్ ఇచ్చిన వారంలోనే వాళ్ల డాక్టర్ దగ్గరికి పంపండి, మూడు షిఫ్టుల టైములూ, బ్రేక్ టైములూ ఒక కాగితం మీద రాసి చేతికిచ్చి. ఏ షిఫ్ట్‌లో ఎప్పుడు ఎంత డోసు అనేది ఆయన ఆ కాగితం చూసి రాసిస్తారు, డోసు సొంతంగా జరపొద్దని అతనికి గట్టిగా చెప్పండి.