నైట్ డ్యూటీలో నెలసరి తప్పితే రిపోర్టుతో పాటు రోస్టర్ కూడా చూడాలి

ప్రశ్న: నా వయసు 27. ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పెళ్లై ఏడాదైంది, పిల్లల కోసం చూస్తున్నాం. ఆరేడు వారాలకోసారి రెండు వారాలు నైట్స్ పడతాయి. ఈ ఏడాది జనవరి 12-25, మార్చి 3-16, ఏప్రిల్ 21-మే 4 నైట్స్ చేశాను. పీరియడ్స్ జనవరి 6, ఫిబ్రవరి 15, మార్చి 14, ఏప్రిల్ 12, మే 19న వచ్చాయి. ఒకరోజు డ్యూటీ దిగుతూ మా ల్యాబ్‌లోనే రక్తం ఇస్తే ప్రొలాక్టిన్ 38, టీఎస్‌హెచ్ 5.1 వచ్చింది. తోటి సిస్టర్ కాబెర్గోలిన్ వేసుకోమంటోంది. అమ్మేమో వేడి చేసిందంటోంది. నైట్స్‌లో గ్యాస్‌కి పాంటోప్రజోల్, డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూల్ తప్ప వేరే మందులేవీ వాడను. ఇది పీసీఓడీనా?

జవాబు: ముందు ప్రొలాక్టిన్‌ను తగ్గించే ఆ కాబెర్గోలిన్ సంగతి. ఇప్పుడే మొదలుపెట్టకండి. మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన గ్యాస్ క్యాప్సూల్ మీదే నాకు మొదటి అనుమానం. అందులోని డోంపెరిడోన్, పాలు పడేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. బిడ్డకు పాలు చాలడం లేదని కొందరు తల్లులకు ఇదే మందు రాస్తారని నర్సుగా మీకు తెలిసే ఉంటుంది.

పైగా రక్తం ఇచ్చిన వేళ కూడా సరైంది కాదు. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది, అది రాత్రి నిద్రైనా పగటి నిద్రైనా. తెల్లవారుజామున డ్యూటీ రూంలో ఓ గంట కునుకు తీసి, లేచిన కాసేపటికే రక్తం ఇస్తే ఆ పెరుగుదల రిపోర్టులో కనిపించవచ్చు. థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్ టీఎస్‌హెచ్ దారి వేరు. అది మామూలుగానే రాత్రిపూట ఎక్కువ, నిద్ర దాన్ని కాస్త అణిచి ఉంచుతుంది. రాత్రంతా మెలకువగా ఉంటే ఆ అణచివేత ఉండదు. అందుకని డ్యూటీ దిగుతూ దారిలో ల్యాబ్ ఉంది కదా అని ఇచ్చిన శాంపిల్‌ను నేను లెక్కలోకి తీసుకోను. మన వాళ్లలో చాలామంది చేసే పని ఇదే.

మళ్లీ ఇలా చేయించుకోండి. నైట్స్ అయిపోయాక కనీసం రెండు మూడు రాత్రులు ఇంట్లో నిద్రపోండి. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచీ ఆ క్యాప్సూల్ ఆపి, ఎసిడిటీ ఉంటే డోంపెరిడోన్ లేని మందు మీ ఫిజీషియన్‌ను అడిగి తీసుకోండి. నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు కూర్చుని స్థిమితపడ్డాక రక్తం ఇవ్వండి. 38 అనేది స్వల్ప పెరుగుదలే, ఇలా చేస్తే చాలామందికి మామూలుకు వచ్చేస్తుంది. అప్పటికీ ఎక్కువే ఉన్నా, రొమ్ముల నుంచి పాలలాంటి స్రావం వస్తున్నా, తరచూ తలనొప్పి, చూపులో తేడా ఉన్నా ఎండోక్రైనాలజిస్ట్‌ను కలవాలి. టీఎస్‌హెచ్ మాత్రం రెండోసారీ ఎక్కువగా వస్తే వదిలేయకండి. పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి దానికి చికిత్స అవసరం పడొచ్చు.

ఇక తేదీలు. పీరియడ్స్, నైట్స్ రెండూ కలిపి రాసి పంపడం మంచి పని చేశారు, ఎందుకంటే జవాబు సగం అందులోనే ఉంది. అండం విడుదలయ్యాక పీరియడ్ రావడానికి పట్టే సమయం సుమారు రెండు వారాలు. ఇది పెద్దగా మారదు. సాగేదీ కుదించుకుపోయేదీ అంతకు ముందు భాగం, అంటే అండం తయారయ్యే రోజులు. కాబట్టి వచ్చిన పీరియడ్ తేదీ నుంచి 14 రోజులు వెనక్కి లెక్కపెడితే అండం ఎప్పుడు విడుదలైందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

జనవరి 6న మొదలైన నెలలో అండం 20వ తేదీ ప్రాంతంలో రావాలి. అప్పటికి మీరు నైట్స్ మధ్యలో ఉన్నారు. వెనక్కి లెక్కిస్తే అది ఫిబ్రవరి 1న వచ్చింది, అంటే నైట్స్ అయిన వారానికి. తర్వాతి నెలలో ఫిబ్రవరి 28కే అండం వచ్చేసింది, నైట్స్ ఆ తర్వాత పడ్డాయి. అందుకే 27 రోజులకే పీరియడ్ వచ్చింది. మార్చి 14 నాటి నెలలో మొదటి రెండు మూడు రోజులే నైట్స్, అదీ 29 రోజుల్లో ముగిసింది. ఏప్రిల్ 12 నాటి నెలలో అండం 26కి రావాల్సింది, మళ్లీ నైట్స్ మధ్యలో చిక్కుకుంది. మే 5కి గానీ రాలేదు. నాలుగు నెలలతో ఏదీ రుజువు కాదు, అందరికీ లెక్క ఇంత సాఫీగా కుదరదు కూడా. కానీ మీ విషయంలో నైట్స్ అండం రావాల్సిన రోజుల మీద పడ్డప్పుడే ఆలస్యమవుతోంది.

ఎందుకిలా? మెదడులో కంటి నరాలు కలిసే చోటికి కాస్త పైన మన గడియారం ఉంటుంది. పగలో రాత్రో అది కంటిలో పడే వెలుతురును బట్టి తెలుసుకుంటుంది. దాని పక్కనే ఉన్న కణాలు అండాన్ని పెంచే సంకేతాన్ని గంటకో గంటన్నరకో ఒకసారి, విడతలు విడతలుగా పంపుతాయి. అండాన్ని విడుదల చేసే ఎల్‌హెచ్ హార్మోన్ పోటు కూడా ఎక్కువమందిలో తెల్లవారుజామునే మొదలవుతుంది. ఐసీయూ లైట్లు రాత్రి మూడింటికి కూడా పగలే అంటుంటే, నిద్ర మధ్యాహ్నానికి జరిగితే, ఈ విడతల లయ చెదిరి ఆ పోటు వాయిదా పడొచ్చు. అమెరికాలో 70 వేలకు పైగా నర్సులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లలో 20 నెలలు, అంతకన్నా ఎక్కువ మారే షిఫ్టులు చేసినవారిలో క్రమం తప్పిన నెలసరి మిగతావారి కంటే 23 శాతం ఎక్కువగా కనిపించింది. అంటే తేడా ఉంది, కానీ నైట్స్ చేసే ప్రతి ఒక్కరికీ ఇలా అవుతుందని కాదు. ఆలస్యమైన ప్రతిసారీ డ్యూటీ మీదకే తోసేయడం కూడా పొరపాటే.

పీసీఓడీ అని ఈ తేదీలతో చెప్పలేం. స్కాన్‌లో చిన్న చిన్న నీటిబుడగలు కనిపించినంత మాత్రాన కూడా చెప్పకూడదు. మీ వయసులో చాలామందికి అవి మామూలే. గడ్డం మీద ముదురు వెంట్రుకలు, తగ్గని మొటిమలు, డే డ్యూటీ నెలల్లో కూడా 35 రోజులు దాటడం లాంటివి ఉంటే అప్పుడు ఆ దిశగా చూద్దాం.

పిల్లల విషయానికొస్తే, ఫోన్‌లోని పీరియడ్ యాప్ మీకు ప్రతి నెలా 14వ రోజే చూపిస్తుంటుంది. జనవరిలో దాన్ని నమ్మి ఉంటే పన్నెండు రోజుల తేడాతో ఆ నెల చేజారినట్టే. నైట్స్ ఉన్న నెలలో మూత్రంలో ఎల్‌హెచ్ పోటును చూపే స్ట్రిప్‌లతో రోజూ చూసుకోండి, 11వ రోజు నుంచి పాజిటివ్ వచ్చేదాకా ఆపొద్దు. పీరియడ్ దాటితే ముందు ప్రెగ్నెన్సీ టెస్టే. మెడికల్ షాపులో ఇచ్చే పీరియడ్ రప్పించే మాత్రలు రక్తస్రావాన్ని తెప్పిస్తాయి గానీ అండాన్ని తీసుకురావు. మీరు రాసుకున్న తేదీల లెక్కనూ పాడుచేస్తాయి.

మీ సిస్టర్ ఇన్‌చార్జ్‌ను ఒక్కటి అడిగి చూడండి. కుదిరినంతలో పీరియడ్ మొదలైన రెండో, మూడో వారాల్లో కాకుండా నైట్స్ వేయమనండి. ప్రతిసారీ కుదరదని నాకూ తెలుసు. నైట్స్ తప్పనప్పుడు పొద్దున ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. స్కూటీ మీద నిద్ర తూగుతుంటే మాత్రం బండి వదిలేసి ఆటోలో వెళ్లండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, రోజూ ఒకే వేళకు, తొమ్మిదికో తొమ్మిదిన్నరకో పడుకోండి. చివరి టీ రాత్రి రెండింటికి అయిపోవాలి. మెలటోనిన్ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, పిల్లల కోసం చూస్తున్నప్పుడు అసలే వద్దు.

మూడు నెలలు ఇలా తేదీలు రాసుకుని, కొత్త రిపోర్టుతో మీ గైనకాలజిస్ట్ దగ్గరకు వెళ్లండి. ఈలోగా 90 రోజులు పీరియడ్ రాకపోయినా, 21 రోజుల్లోపే వస్తున్నా, ఎనిమిది రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా ఆగకుండా అప్పుడే చూపించుకోండి. అమ్మగారితో మాత్రం వేడి కాదు, వెలుతురు అని చెప్పండి.