కొంగు ముడిలో పాట

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన పాట అందాయి. మీ అవ్వ ఎనభయ్యో పుట్టినరోజుకి ఇంట్లో అందరూ కలిసి పాడేలా ఉండాలన్నావు. అది మనసులో పెట్టుకునే రెండుసార్లు పైకి పాడి చూశాను. "త్యాగానికి నిలువెత్తు రూపం, ప్రేమకు మరో పేరు నీవు" అని మొదలుపెట్టావు. ఈ పాటని ఒక్క అక్షరం మార్చకుండా మీ పక్కింటి అవ్వకి పాడొచ్చా, పాడకూడదా? పాడొచ్చు అనిపిస్తే అది మీ అవ్వ పాట కాదు.

నాకు పాట కంటే నీ ఉత్తరమే బాగా నచ్చింది. అందులో ఒక చోట మామూలుగా రాసుకుంటూ పోయావు: సెలవులైపోయి నెల్లూరు బస్సు ఎక్కబోతుంటే అవ్వ గబగబా వచ్చి, కొంగు ముడి విప్పి, చెమటకి తడిసిన పది రూపాయల నోటు నీ గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూసేసి, "మీ అమ్మకి చెప్పబాక" అనేదని. పాట అక్కడుంది. "త్యాగం" అన్న మాట వింటే మీ అవ్వ తలవంచుకుంటుంది. "అమ్మకు చెప్పకు" అని వింటే పకపకా నవ్వుతుంది. మీ అమ్మ ఇన్నాళ్ళకి ఆ సంగతి తెలిసి అవ్వ వైపు చూస్తుంది. ఆ చూపు కోసమే పాట రాయాలి.

పల్లవికి ఆ కొంగు ముడినే తీసుకున్నాను.

కొంగున ముడిలో ఏముందవ్వా
ఎనభై ఏళ్ళూ ఉన్నాయవ్వా

ఇప్పుడు చప్పట్లు కొడుతూ చదువు: కొంగున, ముడిలో, ఏముం, దవ్వా. పాదానికి నాలుగు చప్పట్లు, ఒక్కో చప్పట్టుకి నాలుగు మాత్రలు. లెక్క నీకు స్కూల్లో చెప్పిందే. పొట్టి అక్షరం ఒకటి, దీర్ఘం రెండు, సున్న ఉన్నా, తర్వాత ఒత్తక్షరం వచ్చినా రెండు. ఇంతకు మించి ఛందస్సు ఈ పాటకి అక్కర్లేదు. పాదం చివర "అవ్వా" అని దీర్ఘం వచ్చేలా చూసుకున్నాను. పొట్టి అక్షరంతో ఆగితే పదిమంది పది చోట్ల ఆగుతారు. దీర్ఘం ఉంటే గొంతు లేనివాళ్ళు కూడా దాన్ని పట్టుకుని కాసేపు నిలబడగలరు.

ఇక బస్సు సంగతి. నువ్వు రాసిన పాదం "నెల్లూరు బస్సు వచ్చే వేళకు". మాత్రలు లెక్కపెడితే సరిగ్గా పదహారే. అయినా పాడితే కాలికి రాయి తగిలినట్టు ఉంది. ఎందుకంటే చప్పట్ల ప్రకారం అది నెల్లూ, రుబస్సు, వచ్చే, వేళకు అని విరుగుతుంది. రెండో చప్పట్టు "రు" మీద పడి, బస్సు దాని వెనక నక్కింది. ఒకటి, రెండు, ఒకటి మాత్రలుగా వచ్చే ఇలాంటి ముక్క ఈ పాట నడకలో తడబాటే. కాబట్టి మొత్తం కూడుకుంటే చాలదు, ముఖ్యమైన మాట చప్పట్టు మీద పడిందా లేదా చూసుకోవాలి. చరణం ఇలా మార్చాను:

నెల్లూరెళ్ళే బస్సొస్తుంటే
గబగబ వచ్చీ పదిరూపాయలు
గుప్పిట పెట్టీ గుట్టుగ మూసీ
అమ్మకు చెప్పకు అన్నావవ్వా

ఇప్పుడు నెల్లూ, రెళ్ళే, బస్సొ, స్తుంటే. బస్సు చప్పట్టు మీదికొచ్చి ఆగింది. మనం నోటితో అనేది కూడా అలాగే కదా, "బస్సొస్తుంది" అనే. "వచ్చి"కి మూడు మాత్రలే కాబట్టి "వచ్చీ" అని సాగదీశాను. మన పల్లెపాటల్లో ఇది ఎప్పుడూ ఉన్నదే. మాట చివర సాగదీస్తే వినడానికి బాగుంటుంది. మాట మధ్యలో సాగదీస్తే మాత్రం నప్పదు. "చెప్పబాక" అన్న మీ ఇంటి మాటే ఉంచుదామని చాలా చూశాను. అది రెండు మాత్రలు ఎక్కువైంది. "చెప్పకు" దగ్గర రాజీపడ్డాను. పాడేటప్పుడు ఎవరైనా "చెప్పబాక" అనేస్తే అననియ్యి, ఏం ఫర్వాలేదు.

ప్రతి చరణమూ "వవ్వా" అనే ముగియాలి. సంక్రాంతికి గొబ్బి చుట్టూ తిరుగుతూ ఒకరు పాడితే మిగతావాళ్ళు "గొబ్బియళ్ళో" అని అందుకుంటారే, అదే పద్ధతి. మూడు పాదాలు నువ్వు పాడు, నాలుగోది అందరూ అందుకుంటారు. నాలుగేళ్ళ పిల్లకి పాట రాకపోయినా "అవ్వా" వస్తుంది. సినిమా పాట వరసలో ఇరికించొద్దు. వాటిలో ఒక్కసారిగా పైకి వెళ్ళే చోట్లుంటాయి, అక్కడ ఇంటిల్లిపాదీ ఆగిపోయి నిన్నొక్కదాన్నే వదిలేస్తారు.

రెండో చరణం నువ్వు చెప్పిన చేపల పులుసు మీద రాశాను.

మామిడి ముక్కల చేపల పులుసూ
మరునాడైతేనే రుచి అంటూ
అడుగున మిగిలిన తలకాయొకటీ
చిన్నోడికనీ దాచావవ్వా

మీ ఇంట్లో ఆ చిన్నోడికి ఇప్పుడు ముప్పై దాటి ఉంటాయి. ఆ పాదం వచ్చేసరికి అందరూ వాడి వైపు తిరుగుతారు, చూడు. ఒక్కో చరణం ఇంట్లో ఒక్కొక్కరికి తగలాలి.

మూడో చరణం నువ్వే రాయాలి. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి నీ కోసం చదువు రొట్టె పట్టుకుందనీ, నీకు ఉద్యోగం వచ్చాక మళ్ళీ వెళ్ళి అదే చెరువులో ఇంకొకరికి రొట్టె ఇచ్చిందనీ రాశావు. బారాషహీద్ దర్గా గురించి వివరించబోకు, నెల్లూరులో తెలియని వాళ్ళెవరు? మోకాళ్ళ లోతు నీళ్ళలో చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకున్న అవ్వ ఒక్కటి కనిపిస్తే చాలు. "చదువుల రొట్టెను" అన్నది నాలుగు, నాలుగుగా చక్కగా కూర్చుంటుంది, అక్కడ మొదలుపెట్టు.

మూడు చరణాలతో ఆపెయ్యి. నువ్వు రాసిన పన్నెండు జ్ఞాపకాలూ పెట్టాలని అనిపిస్తుంది, నాకు తెలుసు. సెకనుకో చప్పట్టు చొప్పున పల్లవి రెండేసి సార్లు పాడుకుంటే, మూడు చరణాలకి రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ఎనభై ఏళ్ళ మనిషి కేకు ముందు కూర్చుని వినగలిగేది అంతే. రెండోసారి పాడమని తనే అడగాలి.

ఒక్క విషయం జాగ్రత్త. మా పిన్ని అరవయ్యో పుట్టినరోజుకి నేను రాసిన పాటలో మొదటి చరణంలోనే పోయిన బాబాయి సైకిల్ బెల్లు పెట్టాను. పిన్ని ఏడ్చేసింది, పాట అక్కడే ఆగిపోయింది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మీ తాతని తలుచుకోవాలనుకుంటే ముందు మీ అమ్మతో ఒక మాట అను. ఆమె సరేనంటే చివరి చరణంలో, నవ్వొచ్చే సంగతి ఒకటి పెట్టు.

ఆధార్ కార్డులో అవ్వది జనవరి ఒకటి అని ఉందని, అసలు తేదీ ఎవరికీ తెలియదని టెన్షన్ పడుతున్నావు. పాటలో తేదీ లేదు, ఏళ్ళే ఉన్నాయి. వచ్చే ఏడు "ఎనభయ్యొకటీ ఉన్నాయవ్వా" అని పాడుకోండి. మాత్రలు అక్కడా పదహారే, చప్పట్లూ సరిపోతాయి.

మూడో చరణం రాశాక చప్పట్లతో పాడి ఫోన్లో రికార్డు చేసి పంపు. దాంతోపాటు ఆ ముడిలో డబ్బులు కాకుండా ఇంకేం ఉండేవో మీ అమ్మని అడిగి రాయి. మా అమ్మ ముడిలో రెండు లవంగాలు, ఇనప్పెట్టె తాళం ఉండేవి.

ఆశీస్సులతో,
కందుకూరు నుంచి నీ మాస్టారు