ఇంటర్వ్యూ పిలుపుకు జవాబు రాసేముందు

తమ్ముడికి,

పత్రిక కార్యాలయం నుంచి నీకు వచ్చిన మెయిల్, దానికి నువ్వు రాసుకున్న జవాబు రెండూ చదివాను. సబ్ ఎడిటర్ ఉద్యోగానికి జూన్ 18, గురువారం ఉదయం 11 గంటలకు హైదరాబాద్ రమ్మని, రాగలిగేదీ లేనిదీ తెలపమని వాళ్లు అడిగారు. నువ్వేమో "ఇంటర్వ్యూ ఎలా ఉంటుందో, ఎంతసేపు పడుతుందో, ఎవరు చేస్తారో తెలిపితే నేను వచ్చేదీ లేనిదీ చెప్పగలను" అని రాశావు. అడిగిన మూడూ అడగవలసినవే. కానీ వాళ్లు అడిగిన ఒక్క మాటకు మాత్రం జవాబు రాలేదు. ఆ మెయిల్ చూసే ఉద్యోగి నీ పేరు పక్కన వస్తాడనో రాడనో రాసుకోవాలి. నీ జవాబు చదివాక ఆయన ఏదీ రాసుకోలేడు. అందుకే రావడం ఖాయమని ముందు చెప్పి, ఆ తరువాత అడగాలి.

కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, వాళ్లు పంపిన దానికే, అందిన మరునాటిలోగా ఇలా జవాబు రాయి:

"నమస్కారం. సబ్ ఎడిటర్ ఉద్యోగ ఇంటర్వ్యూకు పిలిచినందుకు ధన్యవాదాలు. జూన్ 18, గురువారం ఉదయం 11 గంటలకు మీ కార్యాలయానికి తప్పక వస్తాను. సిద్ధమై రావడానికి వీలుగా మూడు విషయాలు తెలుపగలరు. మాటల ఇంటర్వ్యూతో పాటు రాత పరీక్ష ఉంటుందా, ఉంటే చేతితో రాయాలా, కంప్యూటర్‌లో టైపు చేయాలా? మొత్తం సుమారు ఎంత సమయం పడుతుంది? ఇంటర్వ్యూ చేసేవారి పేర్లు గానీ హోదాలు గానీ తెలుపవచ్చునా?"

కింద నీ పూర్తి పేరు, ఫోన్ నంబరు ఉంటే చాలు. జీతం ఊసు ఇందులో ఎత్తవద్దు. తేదీని వారంతో సహా తిరిగి రాయమనడానికి కారణం ఉంది. వాళ్ల మెయిల్‌లో తేదీ ఒకటి, వారం ఒకటి పడి ఉంటే ఆ పొరపాటు అక్కడే బయటపడుతుంది.

మొదటి ప్రశ్న మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. "ఇంటర్వ్యూ ఎలా ఉంటుంది?" అని అడిగితే "మామూలుగానే ఉంటుంది" అనే జవాబు వస్తుంది, దానితో నీకు ఒరిగేదేమీ లేదు. సబ్ ఎడిటర్ కొలువుకు ఇంగ్లిష్ వార్త ఇచ్చి తెలుగులోకి రాయమనడం, తప్పులున్న పేజీ ఇచ్చి దిద్దమనడం మామూలే. నీకు ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెచ్చుకునే అలవాటు. అక్కడి కంప్యూటర్‌లో "అను" అనే తెలుగు ఫాంట్లు, "యాపిల్" అనే తెలుగు కీబోర్డు అమరిక ఉంటే వార్త ఎంత బాగా రాయగలిగినా వేళ్లు కదలవు. టైపు చేయాలని జవాబు వస్తే, ఏ కీబోర్డో అప్పుడు మరొక్క వాక్యంలో అడుగు. ముందే అన్నీ గుచ్చి గుచ్చి అడిగితే మెయిల్ బరువెక్కుతుంది.

ఎంతసేపన్నది నీకు ప్రయాణం లెక్క. భూపాలపల్లి నుంచి ఉప్పల్ చేరడానికే దాదాపు ఐదు గంటల బస్సు ప్రయాణం కనుక, 11 గంటలకు అక్కడుండాలంటే ముందు రాత్రే వెళ్లి ఉండడం మేలు. గంటలో ముగిసేదైతే సాయంత్రానికల్లా హనుమకొండలో నా దగ్గరికి చేరుకోవచ్చు. రాత పరీక్ష దిద్దాక రెండో విడత పిలుస్తామంటే ఆ రాత్రికీ బస చూసుకోవాలి. ఈ ఇబ్బందులు వాళ్లకు ఏకరువు పెట్టవలసిన పని లేదు.

ఇంటర్వ్యూ చేసేవారి గురించి అడిగేటప్పుడు "గానీ" అన్న ఆ మాట తీసేయవద్దు. పేర్లు చెప్పడం ఇష్టం లేనివారు హోదా చెప్పి ఊరుకోవచ్చు, నీకు అదే చాలు. న్యూస్ ఎడిటర్ కూర్చుంటారంటే నీ అచ్చయిన వ్యాసాల ప్రతులు పట్టుకొని, ఆ వారం వాళ్ల జిల్లా పేజీలు చదివి వెళ్లు. హెచ్ఆర్ వారు మాత్రమే అంటే సర్టిఫికెట్లు, చేరగల తేదీ సిద్ధంగా ఉంచుకో. పేరు తెలిస్తే ఆయన రాసినవి చదువు గానీ, ముందుగా ఫోన్ చేయడం, తెలిసినవాళ్ల చేత చెప్పించడం వంటివి చేయకు. మన దగ్గర ఆ అలవాటు కొంచెం ఎక్కువే. ఒక్క మినహాయింపు ఉంది: ప్రభుత్వ కొలువుల ఇంటర్వ్యూలలో బోర్డు సభ్యులెవరని అడగకూడదు, అక్కడ పిలుపు లేఖలోని సూచనలే ఆధారం.

రెండు పనిదినాలలో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద "రాత పరీక్ష ఉంటుందేమో తెలుపగలరు" అని ఒక్క ప్రశ్న మాత్రమే మళ్లీ పంపు. అప్పటికీ రాకపోతే మెయిల్‌లో ఉన్న నంబరుకు ముందురోజు పనివేళల్లో ఫోన్ చేసి, వస్తున్నానని చెబుతూ అదే మాట అడుగు. ఎవరూ ఎత్తకపోతే పరీక్ష ఉంటుందనే అనుకొని, రెండు పెన్నులు పెట్టుకొని బయలుదేరు.

మీ అన్న,
హనుమకొండ